148 పేజీల రిపోర్టును కలెక్టర్ గారి కోసం ఒక్క పేజీ చేయాలి: ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లరేగడి (గుంటూరు)
నేను ఒక పరిశోధన ప్రాజెక్టులో పనిచేస్తున్నాను. మిరప కోత కూలీల మీద రెండు మండలాల్లో చేసిన సర్వే. మందు కొట్టిన చేలోకి ఎంత త్వరగా కోతకు దిగుతున్నారు, దిగాక దురదలు, తలనొప్పి, కళ్ల మంటలు ఏ మేరకు వస్తున్నాయి అన్నది విషయం. రిపోర్టు 148 పేజీలు. దాన్ని కలెక్టరేట్‌కు ఒక్క పేజీలో ఇవ్వాలి.

రిపోర్టు మొదట్లో ఉన్న మూడు పేజీల సారాంశాన్నే కత్తిరించి, అక్షరాలు 9 పాయింట్లకు తగ్గించి ఒక పేజీలో పట్టించాను. నేపథ్యం, లక్ష్యాలు, పద్ధతి, ఫలితాలు, సిఫార్సులు అన్నీ ఉన్నాయి. మా సార్ చూసి "ఇది చదివాక ఆయన ఏం చేయాలి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

అందులో ముఖ్యమైన వాక్యం ఇది: "మందు కొట్టిన రెండు రోజుల్లోపు దిగినవారిలో లక్షణాల ఆడ్స్ రేషియో 2.25, గణాంకపరంగా ప్రాముఖ్యత కలది." రిపోర్టు ఇంకా బయటికి రాలేదు కాబట్టి ఇక్కడ అసలు అంకెలు కాకుండా లెక్కకు వీలుగా గుండ్రటి అంకెలు పెడుతున్నాను.

పాతదస్త్రం
బాబూ, నేను కలెక్టరేట్ సెక్షన్లో చాలా ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. నీ కాగితం నేరుగా కలెక్టర్ గారి చేతికి వెళ్లదు. ముందు సెక్షన్ వాళ్లు చదివి, దాని మీద నాలుగు ముక్కల నోటు రాసి పైకి పంపుతారు. ఆ నాలుగు ముక్కలు వాళ్లు నీ మొదటి పేరా నుంచే తీసుకుంటారు. నువ్వు అక్కడ "భారతదేశంలో మిరప సాగు" అని మొదలుపెడితే ఆ నోట్లో కూడా అదే ఉంటుంది.

మొదటి రెండు వాక్యాల్లో మూడు సంగతులు తేలాలి. ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఎప్పటిలోగా చేయాలి. పద్ధతి గురించి అడుగున రెండు లైన్లు చాలు.

ఇంకొకటి. నీ సిఫార్సుల్లో చట్టం మార్చమని ఏమైనా ఉందా? ఉంటే ఈ పేజీలోంచి తీసెయ్. పురుగుమందుల చట్టం 1968 నాటి కేంద్ర చట్టం, జిల్లాలో దాన్ని ఎవరూ మార్చలేరు. తన చేతిలో లేని పని అడిగిన కాగితాన్ని ఏ అధికారైనా "పై అధికారులకు పంపడమైనది" అని రాసి వదిలించుకుంటారు. దాంతోపాటు ఆయన చేయగలిగింది కూడా వెళ్లిపోతుంది.

బెంజిసర్కిల్_కిరణ్
ఆ ఆడ్స్ రేషియో అన్న మాట తీసేసి "రెండు రెట్లకు పైగా ఎక్కువమందికి జబ్బు చేస్తోంది" అని రాసేయండి బ్రో. ఎవరికైనా అర్థమవుతుంది. మా ఆఫీసులో ప్రెజెంటేషన్లన్నీ అలాగే చేస్తాం.

లెక్కలమాస్టారు
కిరణ్ గారూ, వాడుక మాటలోకి మార్చమన్నారు, అది నిజమే. కానీ మార్చిన తీరు తప్పు. పరిశోధన రిపోర్టుల్లోంచి ఇలాంటి పేజీలు రాసేటప్పుడు నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

రెండు రోజులు ఆగి దిగినవాళ్లలో ఎంతమందికి లక్షణాలు వచ్చాయో ముందు చూడాలి. వందకు 40 మందికి అనుకుందాం. అంటే 60 మందికి రాలేదు. 40ని 60తో భాగిస్తే సుమారు 0.67. ఆడ్స్ అంటే ఈ అంకె. దీన్ని 2.25తో గుణిస్తే 1.5 వస్తుంది. అంటే తొందరగా దిగినవాళ్లలో, లక్షణాలు రానివాళ్లు ఇద్దరుంటే వచ్చినవాళ్లు ముగ్గురు. ఐదుగురిలో ముగ్గురు, వందకు 60 మంది.

కాబట్టి నిజం "వందలో 40 నుంచి 60కి". అంటే ఒకటిన్నర రెట్లు. కిరణ్ గారి వాక్యం చదివినాయన 40కి రెండు రెట్లకు పైగా అని 90 దాకా ఊహించుకుంటారు. రేపు ఎవరో డాక్టరు గారు ఆ సమావేశంలో కూర్చుని అసలు పట్టిక అడిగారంటే మీ పేజీ మొత్తం మీద నమ్మకం పోతుంది.

కిరణ్ గారి పద్ధతి ఒకచోట పనిచేస్తుంది. లక్షణం అరుదైనదైతే, అంటే వందకు నలుగురికే వచ్చేదైతే, అదే లెక్కలో అది సుమారు 9 అవుతుంది. అక్కడ రెట్టింపు దాటిందనడంలో పెద్ద తప్పు లేదు. కూలీల్లో దురద, తలనొప్పి అరుదు కాదు కదా.

అసలు "ఎన్ని రెట్లు" అన్న మాటే ఒంటరిగా రాయకండి. 1995లో బ్రిటన్‌లో ఒక రకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపు అని హెచ్చరించారు. 7,000 మందిలో ఒకరికి ఉన్నది ఇద్దరికి అయింది, అంతే. కానీ "రెట్టింపు" అన్నమాట ఒక్కటే జనంలోకి వెళ్లింది. ఎంతోమంది ఆడవాళ్లు మాత్రలు ఆపేశారు, మరుసటి ఏడాది అక్కడ గర్భస్రావాలు వేలల్లో పెరిగాయి. అందుకే ఎప్పుడూ "వందమందిలో ఇంతమంది" అని రెండు అంకెలూ పక్కపక్కన పెట్టాలి.

ఇంకో మాట. నేను చేసింది చేతిలెక్క. మీ రిపోర్టులో వయసు, రోజుకు ఎన్ని గంటల పని లాంటివి కూడా లెక్కలోకి తీసుకుని ఉంటే ఈ 60 అంచనా మాత్రమే. మీ గణాంకాలు చేసినవాళ్లు స్టాటా వాడి ఉంటే `margins` కమాండుతో రెండు గుంపులకూ శాతాలు నేరుగా తీసి ఇస్తారు. అవే వాడండి.

సాగర్_పీజీ
నాకూ ఇదే సమస్య అండి. మా గైడ్ థీసిస్ అబ్‌స్ట్రాక్ట్ 300 పదాల్లో రాయమంటున్నారు. పద్ధతి తీసేయమంటున్నారేంటి, తీసేస్తే ఒప్పుకుంటారా?

లెక్కలమాస్టారు
సాగర్, మీది వేరే పని. అబ్‌స్ట్రాక్ట్ చదివేది మీ రంగం వాళ్లు, వాళ్లు ముందు పద్ధతే చూస్తారు. తీయకండి.

పటమట_సుధ (విజయవాడ)
నేను ఆరోగ్య ప్రాజెక్టుల్లో ఇలాంటివి చాలా రాశాను. మొదటిసారి రాసినప్పుడు ఎరుపు, ఆకుపచ్చ గీతలతో చక్కటి గ్రాఫ్ పెట్టాను. సమావేశానికి వెళ్తే అందరి చేతుల్లోనూ నలుపు తెలుపు జిరాక్స్. రెండు గీతలూ ఒకే బూడిద రంగు. "ఏది ఏదమ్మా?" అని అడిగితే నిలబడి చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి పేజీని ముందు జిరాక్స్ తీయించి, ఆ కాపీనే దిద్దుకుంటాను.

నల్లరేగడి గారూ, పరిమితుల సంగతి ఎక్కడా చెప్పలేదేంటి? వైద్యులు చూసి రాసిన లక్షణాలా, కూలీలు చెప్పినవా? పేజీ చాలదని అందరూ ముందు కత్తిరించేది దాన్నే. ఒక్క వాక్యమైనా సరే ఉండాలి, అదీ ఫలితం పక్కనే.

నల్లరేగడి
సుధక్కా, కూలీలు నోటితో చెప్పినవే. రక్తపరీక్ష చేయలేదు. ఒక్క సీజన్ సర్వే. పైగా తొందరగా దిగేవాళ్లలో ఎక్కువమంది కర్నూలు వైపు నుంచి వలస వచ్చినవాళ్లు. వాళ్లు చేల దగ్గరే గుడారాల్లో ఉంటారు కాబట్టి వేరే కారణాలూ ఉండొచ్చు.

మీరంతా చెప్పాక రాత్రి కూర్చుని పైభాగం మళ్లీ రాశాను. ఇక్కడ మాత్రం అసలు అంకెల బదులు మాస్టారి లెక్కలోని 40, 60 పెడుతున్నాను:

"కోతలు ఊపందుకునే జనవరి లోపు, ఈ రెండు మండలాల్లో మందు కొట్టిన ప్రతి మిరప చేని గట్టున రెండు రోజులపాటు ఎర్రగుడ్డ కట్టేలా రైతు సేవా కేంద్రాల ద్వారా చెప్పించాలని వ్యవసాయ శాఖను ఆదేశించగోరుతున్నాం. రెండు రోజులు ఆగి కోతకు దిగిన వందమంది కూలీల్లో 40 మందికి దురద, తలనొప్పి, కళ్ల మంట వచ్చాయి. ఆగకుండా దిగిన వందమందిలో 60 మందికి వచ్చాయి. ఇవి కూలీలు స్వయంగా చెప్పినవి. తేడా అంతా మందు వల్లనేనని ఈ సర్వే ఒక్కటే తేల్చలేదు."

తేదీ రాసిన పలక అనుకున్నాం గానీ కూలీల్లో చదువు రానివాళ్లు చాలామంది. అందుకే గుడ్డ.

పాతదస్త్రం
ఇప్పుడు దీని మీద నోటు రాయొచ్చు. "జనవరి లోపు" అన్నది బాగుంది. కోతలయ్యాక మే నెలలో ఇచ్చి ఉంటే వచ్చే ఏడాదికి చూద్దామనేవాళ్లు.

బెంజిసర్కిల్_కిరణ్
మాస్టారూ, 40, 60 లెక్క అర్థమైంది, థ్యాంక్స్. కానీ ఆ చివరి వాక్యం అవసరమా? మనమే అనుమానంగా ఉందని చెప్తే వాళ్లెందుకు చేస్తారు?

పటమట_సుధ
అడుగుతున్నది గుడ్డ కట్టమని, మందు నిషేధించమని కాదు. అంత చిన్న పనికి ఈ మాత్రం ఆధారం చాలు. నిషేధం అడిగితే చాలదు. ఆ వాక్యం ఉంటేనే అధికారి ఆ తూకం వేసుకోగలరు.

నాకు అభ్యంతరం వేరేచోట ఉంది. ఒక్కటే మార్గం చూపడం ఎందుకు? గుడ్డ, చేతి తొడుగులు, మేస్త్రీలకు శిక్షణ అని మూడు దారులు పెట్టి, ఏది ఎంచుకోవాలో వాళ్లకే వదిలేయాలి. పరిశోధకుల పని ఆధారం ఇవ్వడం వరకే.

పాతదస్త్రం
మూడు దారులు పెడితే ఫైలు మూడు శాఖలకు తిరుగుతుందమ్మా. ఒక్క పేజీలో ఒక్కటే అడగాలి.

లెక్కలమాస్టారు
దీంట్లో నేను సుధ గారికే కాస్త దగ్గర. కెనడాలో ఆరోగ్య సేవల పరిశోధనకు 1:3:25 అని ఒక పద్ధతి పెట్టారు. ఒక పేజీ ముఖ్య సందేశాలు, మూడు పేజీల సారాంశం, 25 పేజీల రిపోర్టు. మిగతా దారులు ఆ మూడు పేజీల్లో ఉండొచ్చు. కానీ ఆ ఒక్క పేజీలో నేరుగా అడగాలా వద్దా అన్నదాని మీద మా వాళ్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి.

మిరపచేను_ప్రత్తిపాడు
నాకు రిపోర్టులు రాయడం తెలియదు, మిరప వేసేవాణ్ణి. మీ పేజీలో రైతు ఎక్కడా లేడు. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పటినుంచి కోతకీ కోతకీ మధ్య కూడా మందు కొట్టాల్సి వస్తోంది. మేస్త్రీ ముఠాను తెచ్చిన రోజు కోయించుకోకపోతే వాళ్లు పక్క ఊరికి వెళ్లిపోతారు, మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదు. గుడ్డ కట్టమంటే కడతాను. ముఠా వచ్చి గట్టు మీద నిలబడితే విప్పేస్తాను. నేను అబద్ధం చెప్పను.

నల్లరేగడి
అన్నా, మీరు చెప్పింది మా రిపోర్టులో ఉంది. ఆరో అధ్యాయంలో మేస్త్రీలతో మాట్లాడిన భాగం. ముఠా వచ్చే రోజు ముందే తెలిస్తే ఆ లెక్కన మందు కొట్టుకుంటామని కొందరు రైతులు కూడా అన్నారు. అది 97వ పేజీలో ఉండిపోయింది, పైకి తేవాలని నాకు తోచలేదు.

ఇవాళ బ్రోడీపేటలో జిరాక్స్ తీయించుకుంటూ, షాపులో ఉన్న అమ్మకు పేజీ ఇచ్చి ఒక నిమిషం చదవమన్నాను. వెనక్కి తీసుకుని ఏం అడుగుతున్నామో చెప్పమంటే "మందు కొట్టిన చేనికి ఎర్రగుడ్డ కట్టమంటున్నారు, రెండు రోజులు" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే "మరి రైతులు ఒప్పుకుంటారా బాబూ?" అని అడిగింది. మీరు అడిగిందే.

అందుకని సర్వే జరిగిన తీరు గురించిన నాలుగు లైన్లను ఒకటిన్నరకు కుదించి, ఆ జాగాలో మేస్త్రీ ముందురోజే రైతుకు కబురు చేసే మాట పెడుతున్నాను. గుడ్డ కట్టించడం వ్యవసాయ శాఖ పని. మేస్త్రీలకు చెప్పాల్సింది ఏ శాఖో నాకు తెలియడం లేదు. పాతదస్త్రం గారూ, అది కార్మిక శాఖకు వెళ్తుందా, పంచాయతీకా?

పాతదస్త్రం
వలస ముఠాలంటే కార్మిక శాఖ అనే అనిపిస్తుంది. కానీ ఊళ్లో మేస్త్రీని పిలిచి కూర్చోబెట్టగలిగేది పంచాయతీ కార్యదర్శే. రేపు పాత స్నేహితుణ్ణి అడిగి చెబుతాను. అప్పటిదాకా ఆ వాక్యంలో శాఖ పేరు రాయకు.