వీధి పిల్లుల పేర్లు: ఒకే పిల్లికి నాలుగు పేర్లుంటే లెక్క ఎలా?

లత_హైదరాబాద్: మా వీధిలో పదకొండు పిల్లులు, తిండి పెట్టేది ఆరిళ్ల వాళ్లం. "చిట్టి రెండు రోజులుగా కనబడట్లేదు" అని ఒకరు గ్రూపులో పెడితే రాత్రంతా వెతికాం. పక్కింటావిడ "రాణి" అని పిలిచేది దాన్నేనట! వాళ్ల మెట్ల కిందే పడుకుంది. మీ దగ్గర పేర్ల పట్టిక ఎవరు రాస్తారు?

మూర్తి_విశాఖ: పన్నెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ముద్దుపేర్లు ఎవరిష్టం వాళ్లది, పట్టికలో మాత్రం గుర్తును బట్టి పేరు ఉండాలి. మా వీధిలో రెండు చారల పిల్లులు అచ్చం ఒకేలా ఉంటాయి. ఒకదాని తోక చివర నల్ల పట్టీలు మూడు, రెండోదానికి అయిదు. అందుకే మూడుపట్టీలు, అయిదుపట్టీలు అని పిలుస్తాం. ఫొటో రెండు పక్కలా తీయండి, కుడివైపు చారలు ఎడమవైపు ఉండవు.

రమణ_గుంటూరు: రంగు చూస్తే చాలు కదా. ఆరెంజ్ అయితే గండుపిల్లి, మూడు రంగులైతే ఆడది.

సుజాత77: రమణ గారూ, ఈ మాట నమ్మే మేం మోసపోయాం. ఆరెంజ్ పిల్లికి భీముడని పేరు పెట్టి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి ముందుగా ఆడవాటినే పట్టాలని దాన్ని వదిలేశాం. సెల్లార్‌లో పాత పరుపు మీద నాలుగు పిల్లల్ని పెట్టింది!

రమణ_గుంటూరు: ఒక్కటి అలా ఉంటే నా మాట తప్పవుతుందా? నేను చూసినవన్నీ మగవే.

మూర్తి_విశాఖ: ఆరెంజ్‌లో అయిదింట ఒకటి దాకా ఆడది ఉంటుందండీ. మూడు రంగుల సంగతి మీరన్నది దాదాపు నిజమే. అయినా తోక ఎత్తినప్పుడు చూడకుండా మగ, ఆడ అని రాయకండి.

రమణ_గుంటూరు: పన్నెండేళ్లని ప్రతిసారీ చెప్పక్కర్లేదు.

పద్మ_అమ్మమ్మ: మా పిల్లి మూడు రోజులుగా పెరుగన్నం ముట్టట్లేదు. ఏం చేయమంటారు?

సుజాత77: పద్మమ్మగారూ, ఏమీ తినకపోతే ఈరోజే డాక్టర్‌కి చూపించండి. పిల్లులు అన్ని రోజులు పస్తుంటే కాలేయం దెబ్బతింటుంది.

కిరణ్_సెల్లార్: చెవి సంగతి ఎవరూ ఎత్తలేదే? ఆపరేషన్ అయిన పిల్లికి మా దగ్గర ఎడమ చెవి కొన అడ్డంగా కోసి ఉంటుంది. అది పట్టికలో రాయక, ఆపరేషన్ అయిన నల్లదాన్నే మళ్లీ బోనులో వేసి తీసుకెళ్లాం. పాపం, రోజంతా పస్తు. కొట్లాటలో చిరిగిన చెవి వంకరగా ఉంటుంది, కోసింది తిన్నగా ఉంటుంది.

మూర్తి_విశాఖ: మాకు కుడి చెవి. మీ ఊళ్లో చేసేవాళ్లని అడిగి రాసుకోండి.

లత_హైదరాబాద్: ఇవాళ సాయంత్రం గిన్నెల దగ్గర నిలబడి ఫొటోలు తీశాను. పదకొండు కాదు, తొమ్మిదే. రెండింటిని రెండు పేర్లతో రెండుసార్లు లెక్కపెట్టాం. పట్టిక ఎవరు రాయాలో మాత్రం ఇంకా తేలలేదు, ఆరిళ్ల వాళ్లూ తమ పేరే ఉండాలంటున్నారు.