అప్‌డేట్: టెండర్ తిరస్కరణ లేఖను మర్యాదగా, మార్కుల కారణాలతో సహా రాయడం

నా ప్రశ్న: "టెండర్ దక్కని బిడ్డరుకు రాసే లేఖ కటువుగా ఉంది. మార్కుల కారణాలు వదలకుండా దాన్ని మర్యాదగా మార్చడం ఎలా?"

సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. లేఖ వెళ్లింది, విషయం ముగిసింది.

పనిచేసిన సలహా ఒక్కటే: వాక్యానికి కర్తగా సంస్థను కాక, వారు సమర్పించిన పత్రాన్ని ఉంచడం. "మీకు ఈ పని నిర్వహించే సామర్థ్యం లేదు" అన్న చిత్తుప్రతి వాక్యం చివరికి ఇలా మారింది: "పని ప్రణాళిక అంశానికి కేటాయించిన 30 మార్కులలో మీ ప్రతిపాదనకు 14 లభించాయి, దశలవారీ గడువులు వివరంగా ఉన్నప్పటికీ, కీలక సిబ్బంది మధ్యలో వైదొలగితే ప్రత్యామ్నాయం ఏమిటో టెండర్ పత్రం కోరినా, ప్రతిపాదనలో అది కనిపించలేదు."

పంపే ముందు చూసిన న్యాయ సలహాదారు రెండు మార్పులు చేయించారు. ప్రతి కారణాన్నీ మూల్యాంకన కమిటీ నమోదు చేసిన వ్యాఖ్యతో సరిపోల్చి, అందులో లేని "అనుభవం తక్కువ" అన్న మాటను తీసివేయించారు. అభ్యంతరం వస్తే లేఖలోని కారణానికి ఆ నమోదే ఆధారమట. ఎంపికైన సంస్థ పని విధానాన్ని, అంటే వారి వ్యాపార రహస్యాన్ని, బయటపెట్టే పోలికనూ తొలగించారు.

విచారం తెలిపే పేరాను పెంచాలా తగ్గించాలా అన్న చర్చకు మాత్రం ప్రయోజనం కనిపించలేదు; ఒక్క వాక్యం సరిపోయింది. బిడ్డరు ఆ 14 మార్కుల గురించే వివరణ కోరారు, కమిటీ వ్యాఖ్య చదివి వినిపించాక అభ్యంతరం దాఖలు చేయలేదు.