రాకముందే వెనక్కి పోయిన పార్సిల్, 180 కోత ఎవరి నెత్తిన?

పర్లాకిమిడి పిల్ల: మంగళగిరి చీర, 1,850 ముందే కట్టేసాను. ట్రాకింగ్‌లో మూడ్రోజులు Consignee not available, నాలుగోరోజు RTO Initiated, అంటే షాపుకే వెనక్కి పంపేస్తన్నారంట. ఇంటికి ఎవరూ రాలేదు. షాపాయన రానూపోనూ 180 కోసుకుని 1,670 ఇస్తానంటన్నారు, లేదంటే ఇంకో 90 పంపితే మళ్లీ పంపుతారంట. నేనెందుకు కట్టాలి?

బరంపురం బుల్లోడు: కట్టకండి, యూపీఐ యాప్‌లో కంప్లైంట్ కొట్టండి, నాకు రెండ్రోజుల్లో డబ్బులొచ్చేసాయి

పాత హబ్బు మనిషి: బాబూ, నీ డబ్బు అవతలోడికి చేరకుండా మధ్యలో ఆగుంటాది. ఇక్కడ చేరిపోయింది, సరుకే రాలేదు, ఆ తగువు యూపీఐలో తేలడం కష్టం. కార్డుతో కట్టుంటే సరుకు అందలేదని బ్యాంకుని అడగొచ్చు.
అమ్మా, నేను కొరియర్ హబ్బులో పని చేసినోడిని. ట్రాకింగ్ మొత్తం టైములతో స్క్రీన్‌షాట్ తీసెయ్యండి, ఆ మూడ్రోజుల కాల్ లిస్టు కూడా. మూడుసార్లూ రాత్రి ఒకే టైముకి పడుంటే డెలివరీ కుర్రోడు మీ వీధికి రాకుండా రోజు ముగించే ముందు ఆ ఎంట్రీ నొక్కేసేడని అనుమానించొచ్చు. అవి చూపించి షాపాయన కొరియర్ మీద డిస్ప్యూట్ వెయ్యాలి, దానికి కొద్దిరోజులే గడువుంటాది. ఇంకోటి, డెలివరీ ఫెయిలైన ప్రతిసారీ షాపాయన చూసుకునే కొరియర్ ప్యానెల్‌లో కనబడతాది, మళ్లీ తీసుకెళ్లమని ఆయనే నొక్కాలి. నొక్కేరా అని అడగండి ముందు.

రాయగడ తాత: నా మిక్సీ కూడా ఇలాగే పోయింది, క్యాష్ ఆన్ డెలివరీ. రీఫండ్ ఎప్పుడు పడతాది?

బరంపురం బుల్లోడు: తాతా నువ్వు కడితే కదా పడడానికి 😀

జయపురం పచ్చళ్లక్క: అమ్మేవాళ్ల బాధ కూడా వినండి. నేను పచ్చళ్లు పంపుతాను, వెనక్కొస్తే రెండువైపులా చార్జీ నాకే పడతాది, డిస్ప్యూట్ వేస్తే ఫోన్ చేసాం అని వాళ్ల లిస్టు చూపిస్తారు, అక్కడితో క్లోజ్. అడ్రసు తప్పైతే కొన్నోళ్లే కట్టాలి. ఇలాంటి కేసులో మాత్రం నేను వెళ్లిన చార్జీ ఒక్కటే కోస్తాను.

పాత హబ్బు మనిషి: అదీ న్యాయం కాదక్కా, కొరియర్ని ఎంచుకుంది మీరు, ఆవిడ కాదు.

పర్లాకిమిడి పిల్ల: చూసాను. రాత్రి 8:41, 8:43, 8:40. కానీ రెండోరోజు తెలీని నంబరు నుంచి ఒక మిస్డ్ కాల్ ఉంది, స్పామ్‌లో పడిపోయింది 😔 ప్యానెల్ గురించి అడిగితే ఆయన "చూసుకోలేదమ్మా" అన్నారు. పార్సిల్ని దారిలోంచే తిప్పించలేమా?

పాత హబ్బు మనిషి: RTO పడ్డాక బ్యాగు వెనక్కే పోతాది, తిప్పడం దాదాపు అవ్వదు. మళ్లీ పంపడమంటే కొత్త ట్రాకింగ్ నంబరే. ఒక్కటే పీసయితే అది చేరేదాకా ఆగాలి, ఇంకోటుంటే ఇప్పుడే పంపమనండి. "చూసుకోలేదు" అన్న మాట మెసేజ్‌లో రాయించుకోండి. ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. ఆన్‌లైన్‌లో వ్యాపారంగా అమ్మేవాళ్లు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి, 2020 ఈ-కామర్స్ రూల్స్‌లో ఉంది.

పర్లాకిమిడి పిల్ల: 90 వద్దన్నారు, చీర చేరాక ఆయన ఖర్చుతోనే పంపుతారంట. చీర వద్దు డబ్బులిచ్చేయమంటే మాత్రం 180 కోతే అంటన్నారు. ఆ మిస్డ్ కాల్ సంగతి ఆయనకి చెప్పాలా?

జయపురం పచ్చళ్లక్క: చెప్పెయ్ చెల్లీ, కొరియర్‌వాడు ముందు చూపించేది అదే

బరంపురం బుల్లోడు: అడక్కుండా ఎందుకు చెప్పాలక్కా?