క్యాసెట్ రెండో వైపు మాట మందంగా వస్తోంది, హెడ్ మళ్ళీ తిప్పాలా?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా, బొబ్బిలి దగ్గర ఊరు. మా తాతగారు టేప్‌రికార్డర్‌లో పట్టిన జముకుల కథల క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. డెక్ లైన్ అవుట్ నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కి, అక్కడి నుంచి Audacityకి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ WAV.

మొదట మాటలు దుప్పటి కప్పినట్టు వినిపించాయి. హెడ్ పక్కన స్ప్రింగ్ ఉన్న స్క్రూని, టేప్ తిరుగుతుండగానే, కొంచెం కొంచెం తిప్పితే ‘స’, ‘చ’ అక్షరాలు విచ్చుకున్నాయి. రెండు ఛానెళ్లనీ మోనోగా కలిపి, పైస్థాయి ధ్వని ఎక్కడ బాగా వస్తే అక్కడ ఆపాను. తీరా రెండో వైపు పెడితే మళ్ళీ మందమే! ప్రతి వైపుకీ విడిగా సరిచేయాల్సిందేనా? తర్వాత అసలు స్థానానికి తెచ్చేందుకు గుర్తు ఎలా పెట్టుకుంటారు?

ఇంకోటి. Noise Reduction 12 డెసిబెల్స్ పెడితే బుస తగ్గింది గానీ, జముకు తీగ జుయ్యిమనే చోట నీళ్ళలో మోగినట్టుంది. 6కి దించితే బుస కొంత మిగిలినా తీగ బతికింది, నాకైతే అదే నయమనిపించింది. ముట్టుకోని WAVని అసలు ప్రతిగా దాచి, శుభ్రం చేసింది వినడానికి మాత్రమే ఉంచాలనుకుంటున్నాను. ఇలాంటి తీగ వాయిద్యాలకి మీరు ఏ సెట్టింగులు వాడుతున్నారో చెప్పగలరా?