పది వత్తుల స్టవ్ వెలిగిస్తే గిన్నె నిండా మసి. వత్తి ఎంత ఎత్తు ఉండాలి?

సింగ్‌నగర్ శ్రీను:
2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు కరెంటు లేదు, గ్యాస్ బండ నీళ్లలో తేలింది. ఈసారి అలాంటిదొస్తే కనీసం టీ అయినా పెట్టుకోవాలని అమ్మమ్మ వాడిన వత్తుల స్టవ్ మొన్న అటక మీద నుంచి దించాను. రెండు వత్తులు పాడైపోతే వన్‌టౌన్‌లో వెతికి కొత్తవి తెచ్చి వేశా. కిరసనాయిలు మా బాబాయి వాళ్ల ఊళ్లో పాత క్యానులో మిగిలింది తెచ్చా. వెలిగించినప్పుడు మంట చక్కగానే ఉంది. గిన్నె ఎక్కించి స్నానానికి వెళ్లి, పావుగంటకు వచ్చి చూస్తే మంట పసుప్పచ్చగా గిన్నె చుట్టూ ఎగబాకుతోంది. గిన్నె అడుగు తారు పూసినట్టుంది, కళ్లు ఒకటే మంట. ఆయిలు కల్తీదా?

మంగళగిరి మామ్మ:
గిన్నె అడుగున తడి బూడిదో మట్టో పూసి ఎక్కించు నాయనా. మసంతా దాని మీదే పడుతుంది, ఒక్కసారి కడిగితే పోతుంది. మేమంతా అలాగే చేసేవాళ్లం. ఆయిల్లో చిటికెడు ఉప్పు కూడా వేసేవాళ్లం, పొగ తగ్గుతుందని.

బ్రాడీపేట రవి:
కల్తీయే. డీజిలు కలిస్తే ఇంతే. నా సలహా, వత్తులు ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించండి. మసి రాదు, ఆయిలూ ఆదా.

కొత్తపేట స్టవ్‌ల షాపు వాళ్లబ్బాయి:
మా నాన్న గుంటూరులో ముప్పై ఏళ్లు స్టవ్‌లు బాగు చేశారు. సెలవుల్లో నా పని వత్తులు మార్చడమే.

శ్రీను గారూ, జవాబు మీరు రాసిన దాంట్లోనే ఉంది. వెలిగించినప్పుడు బాగుంది, పావుగంటకు పాడైంది. స్టవ్ చల్లగా ఉండగానే మంట సరిపెట్టేసి వెళ్లారు. చిల్లుల రేకు గొట్టాలు రెండుంటాయి కదా, లోపలిదీ బయటిదీ, అవి వేడెక్కడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. వేడెక్కేకొద్దీ వత్తి కొసన ఆయిలు ఎక్కువ ఆవిరవుతుంది. మండేది వత్తి కాదు, ఆ ఆవిరి. చల్లటి స్టవ్ మీద సరిపోయిన వత్తి, వేడెక్కాక ఎక్కువైపోతుంది. చిల్లుల్లోంచి వచ్చే గాలి చాలక, మండని కర్రంతా మసిగా లేస్తుంది. (కర్ర అంటే కార్బనండీ, మా నాన్న మాట.)

కాటుక ఎలా పడతారో గుర్తు తెచ్చుకోండి. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లిస్తే పసుపు మంట చల్లటి పళ్లానికి తగిలి, మండాల్సిన మసి మండకుండా అక్కడే అంటుకుంటుంది. మీరు గిన్నెతో కాటుక పట్టారు, అంతే.

కాబట్టి తక్కువలో వెలిగించండి. ఐదు నిమిషాలు ఆగి, మంట గొట్టాల మధ్య నీలంగా నిలబడ్డాక లివరు కొద్దికొద్దిగా పైకి జరపండి. పైన పసుపు నాలుకలు కనబడగానే కాస్త దించండి. అదే మీ స్టవ్‌కి సరైన ఎత్తు. మిల్లీమీటర్లలో అడగొద్దు, ఒక్కో స్టవ్‌కి ఒక్కో లెక్క.

రవి గారూ, డీజిలు కలిస్తే మసి పెరగడం నిజమే. మరీ తగ్గించమనడం మాత్రం తప్పు. గొట్టాలు వేడెక్కకపోతే ఆవిరి సగం మండి సగం అలాగే బయటికొస్తుంది. మసి కనబడదు, కంపు వస్తుంది, కళ్లు మండుతాయి. మూసిన గదిలో అయితే వాసన లేని విషవాయువు కూడా చేరుతుంది. మసి లేదంటే మంట బాగుందని కాదు.

బ్రాడీపేట రవి:
మా ఇంట్లో అలాగే వాడేవాళ్లం, ఎవరికీ ఏమీ కాలేదే.

కొత్తపేట స్టవ్‌ల షాపు వాళ్లబ్బాయి:
పాత పెంకుటిళ్లలో కప్పు సందుల్లోంచి గాలి ఆడేదండీ. ఇప్పటి అపార్టుమెంటు వంటగదిలో కిటికీ మూసి వెలిగించి చూడమని నేనైతే చెప్పను.

తెనాలి రాజు:
నా స్టవ్ కూడా పసుపు మంటే. వత్తి ఎక్కడుందో కనబడట్లేదు. పంపు కొట్టి వెలిగించేది.

కొత్తపేట స్టవ్‌ల షాపు వాళ్లబ్బాయి:
రాజు గారూ, పంపు స్టవ్‌కి వత్తి ఉండదు! బర్నరు కింద ఉండే చిన్న పళ్లెంలో స్పిరిటు పోసి వెలిగించి, బర్నరు బాగా కాలాక పంపు కొట్టాలి. చల్లటి బర్నర్‌లో కొడితే ఆయిలు ద్రవంగానే చిమ్మి పసుపుగా ఎగుస్తుంది. అది వేరే కథ, వేరే చర్చ పెట్టండి.

శ్రీను గారూ, ఇంకో మాట. పసుపు చుట్టూ వస్తోందా, ఒక పక్కనేనా? చుట్టూ అయితే ఎత్తు ఎక్కువ. ఒక పక్కన అయితే ఆ పక్క వత్తే దోషి.

సింగ్‌నగర్ శ్రీను:
ఇవాళ ఐదు నిమిషాలు ఆగి సరిచేశా. చాలావరకు నీలం. గోడ వైపు మాత్రం రెండు పసుపు నాలుకలు పోవట్లేదు. మధ్యమధ్యలో చిటపటమంటోంది కూడా.

కొత్తపేట స్టవ్‌ల షాపు వాళ్లబ్బాయి:
గోడ వైపున్నవి మీరు వేసిన కొత్త వత్తులేనా? పూర్తిగా చల్లారాక చిల్లుల గొట్టాలు తీసి చూడండి. పాతవాటి కొసలు గట్టిగా పెంకు కట్టి ఉంటాయి, కొత్తవి మెత్తగా కాస్త పైకి ఉంటాయి. అందరిలో పొట్టి వత్తి, అది దూరి ఉన్న సన్నటి గొట్టం అంచుకు సమానంగా వచ్చేదాకా లివరు దించండి. ఇప్పుడు అంచు దాటి ఏది కనబడినా పదునైన కత్తెరతో అంచు వెంబడి కత్తిరించండి. పోగులు వేలాడకూడదు. పొట్టిది మరీ లోపలికి పోయి ఉంటే ముందు దాన్ని పైకి లాగాలి, లేకపోతే మిగతా తొమ్మిదీ అనవసరంగా పొట్టివవుతాయి.

చిటపట అంటే ఆయిల్లో నీళ్లు. క్యాను ఒక పూట కదపకుండా ఉంచితే నీళ్లు అడుగుకు దిగుతాయి. పైది మాత్రమే మెల్లగా వంపుకోండి. ఆర్పి, చల్లారాకే పోయాలి.

పటమట లక్ష్మి:
లాంతరు వత్తికి కూడా ఇదేనా? మాది చిమ్నీ ఒక పక్కనే నల్లబడుతుంది.

కొత్తపేట స్టవ్‌ల షాపు వాళ్లబ్బాయి:
అదే జబ్బండీ. పట్టీ వత్తి ఏటవాలుగా తెగి ఉంటుంది, ఎత్తుగా ఉన్న మూల కొమ్ములా లేచి అద్దాన్ని నల్లబరుస్తుంది. అడ్డంగా సమంగా కత్తిరించి, రెండు మూలలూ వెంట్రుకవాసి తీసేయండి. దాన్నీ వెలిగించగానే పెద్దది చేయొద్దు.

సింగ్‌నగర్ శ్రీను:
అప్‌డేట్. దోషులు రెండూ నేను వేసినవే! ఇంకోటి కూడా దొరికింది, కింద పెంకు పేరుకుని లోపలి గొట్టం ఒరిగి కూర్చుంది. గీకి సరిగ్గా కూర్చోబెట్టా, వత్తులు కత్తిరించా. రాత్రి గంటసేపు వంటయ్యాక గిన్నె అడుగు గోధుమ రంగులో ఉంది, వేలితో రుద్దితే పోయింది. ఆర్పినప్పుడు మాత్రం తెల్లటి పొగ, భరించలేని కంపు.

మంగళగిరి మామ్మ:
ఉఫ్ మని ఊదకు నాయనా, లివరు పూర్తిగా దించి దానంతటదే ఆరనివ్వు.

బ్రాడీపేట రవి:
దించితే ఆ వేడికి రెండు నిమిషాలు ఇంకా ఎక్కువ పొగ వస్తుంది. ఒక్క ఊదుతో పోతుంది కదా.

కొత్తపేట స్టవ్‌ల షాపు వాళ్లబ్బాయి:
ఊదడం వద్దు, మంట కిందికి దిగొచ్చు. మామ్మగారిదే సరి. కానీ తెల్లపొగ ఎలాగూ కొంత వస్తుంది, గొట్టాలు వేడిగా ఉన్నంతసేపూ వత్తిలోంచి ఆవిరి లేస్తూనే ఉంటుంది. దాన్ని పూర్తిగా ఆపడం మా నాన్నకీ చేతకాలేదు. ఆర్పేముందు స్టవ్ బాల్కనీలోకి మార్చమంటారు కొందరు. మండుతున్న స్టవ్ ఎత్తి నడవడం కంటే బాల్కనీలోనే వండుకోవడం మేలు.

మామ్మగారూ, ఆ ఉప్పు సంగతి మాత్రం నాకు అంతుబట్టలేదు. కిరసనాయిల్లో ఉప్పు కరగదు కదా?

మంగళగిరి మామ్మ:
కరగదు. అడుగునే ఉండేది. పొగ తగ్గేదో లేదో, మా అత్తగారు వేయమన్నారు, వేశాం.

తెనాలి రాజు:
అయితే నా పంపు స్టవ్‌కి స్పిరిటు ఎక్కడ దొరుకుతుంది?