అమ్మ అసలు సొమ్ము ముట్టుకోవచ్చా, నా సిప్ ఇలాగే ఆపి ఉంచాలా?

బెంగళూరులో ఉంటున్నాం. నాకు 43 ఏళ్లు. పక్షవాతం వచ్చాక అమ్మ మంచం మీదే ఉంది. పగలు చూసుకునే ఆయమ్మకు 24,000, మందులు, డైపర్లకు 9,000, ఫిజియోథెరపీకి 6,000. మొత్తం నెలకు 39,000.

ఊళ్లో ఇల్లు అమ్మిన 30 లక్షలు అమ్మ పేరు మీద సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేశాం. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, అంటే నెలకు 20,500. మిగతా 18,500 నేనే పెడుతున్నాను. అందుకే నా రిటైర్మెంట్ కోసం కట్టే 20,000 సిప్ ఎనిమిది నెలలుగా ఆగిపోయింది. ఆయమ్మ జీతం ఏటా పెరుగుతుంది, ఈ వడ్డీ మాత్రం ఐదేళ్లూ ఇంతే. నాకు అదే టెన్షన్.

అసలు కదపొద్దని అన్నయ్య అంటున్నాడు. ఆ డబ్బు ముందు అమ్మకే ఖర్చవ్వాలని నా మనసు చెబుతోంది. రెండేళ్లు దాటితే ఒక శాతం కోతతో ఖాతా మూసేయొచ్చు. అప్పుడు 20 లక్షలు మళ్లీ ఇందులోనే వేసి, మిగిలే 9.7 లక్షలు ఎఫ్‌డీలో ఉంచి నెలనెలా వాడితే, లెక్క ప్రకారం మూడేళ్లకు పైగా వస్తాయి. ఆ తర్వాత ఎలా?

ఇలా అసలు తీసి వాడినవాళ్లు ఉన్నారా? అన్నదమ్ములతో లెక్క ఎలా రాసుకున్నారు? దయచేసి చెప్పండి.