కేఫ్ ఓపెనింగ్ రీల్: మొదటి మెసేజ్‌లోనే డబ్బు మాట ఎత్తాలా?

ఎంవీపీ_కేఫ్: వచ్చే నెల 14న ఎంవీపీ కాలనీలో కేఫ్ తెరుస్తున్నాం. వైజాగ్‌లో ఫుడ్ రీల్స్ చేసే ఒకావిడకి ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్ పెట్టాలి. ఎంతిస్తామో మొదటి మెసేజ్‌లోనే చెప్పేయాలా, ఆవిడ అడిగాక చెప్పాలా?

బీచ్‌రోడ్: చెప్పేయండి. ఆవిడ మిమ్మల్ని ఫాలో కాకపోతే మెసేజ్ రిక్వెస్టుల్లో పడుతుంది. ఆవిడ ఒప్పుకునేదాకా ఇన్‌స్టాగ్రామ్ ఇంకో మెసేజ్ పంపనివ్వదు, మెనూ ఫొటో కూడా వెళ్లదు. ఉన్న ఒక్క అవకాశాన్నీ "హాయ్ అండి, కొలాబ్ చేస్తారా?" అని పోగొట్టుకోకండి. ఇలా రాయండి:

"నమస్తే అండి, పెయిడ్ రీల్ కోసం అడుగుతున్నాం. పూర్ణా మార్కెట్ టిఫిన్ బండి మీద మీ రీల్ చూశాం. ఎంవీపీ కాలనీలో 14న మా కేఫ్ మొదలవుతుంది. 30 సెకన్ల రీల్ ఒకటి, స్టోరీలు రెండు కావాలి. 8,000 రూపాయలిస్తాం, సగం షూటింగ్ రోజు, సగం రీల్ పెట్టిన రోజు. షూటింగ్ 12న ఉదయం 8 నుంచి 10. రీల్ 13 సాయంత్రం రావాలి. మీ రేటు వేరైతే చెప్పండి."

"పెయిడ్" అన్న మాట మొదటి వరుసలోనే ఉండాలి, రిక్వెస్టు తెరవకముందు కనబడేది అదే. 12 నాటికి కాఫీ మెషిన్ బిగించి ఉంటుందని ఖాయమైతేనే ఆ తేదీ రాయండి. మెషిన్ రాకపోతే కుర్చీలూ గోడలూ తప్ప తీయడానికేమీ ఉండదు.

సీతమ్మధార: అంకె ముందే చెబితే బేరం పోయినట్టే. ఆవిడ 5,000కే ఒప్పుకునేదేమో! ఇంకోటి, పెయిడ్ అని లేబుల్ పెట్టొద్దని కూడా రాయండి, అది చూస్తే జనం దాటేస్తారు.

బీచ్‌రోడ్: బేరం సంగతి నిజమే, ఆ నష్టం ఉంది. లేబుల్ మాత్రం తీయమనకండి. డబ్బిచ్చినా, ఊరికే తినిపించినా ఆ సంగతి చూసేవాళ్లకి తెలియాలని ప్రకటనల మండలి ఏఎస్‌సీఐ 2021లోనే నియమం పెట్టింది. దాస్తే ఆవిడతోపాటు మీరూ జవాబు చెప్పుకోవాలి.

ఇంటి_కేకులు: నాకు షాపు లేదండి, ఇంట్లోనే కేకులు చేస్తాను. డబ్బు బదులు కేకు బాక్సు పంపితే రీల్ చేస్తారా?

బీచ్‌రోడ్: కొందరు చేస్తారమ్మా. డబ్బు లేదు, కేకు మాత్రమే అని మొదటి వరుసలోనే రాయండి. ఊరికే పంపే కేకుకి ఫలానా తేదీలోగా రీల్ పెట్టాలని షరతు పెడితే మాత్రం ఒప్పుకోరు.

లాసన్స్‌బే: రేటు కన్నా ముందు ఆవిడ ఇన్‌సైట్స్‌లో ఏ ఊరివాళ్లు ఎంతమందో స్క్రీన్‌షాట్ అడగండి. 80 వేల ఫాలోవర్లున్నా, అందులో ఎక్కువమంది హైదరాబాద్ వాళ్లైతే మీ టేబుళ్లు నిండవు. తర్వాత ఆ రీల్‌ని మీరు యాడ్‌గా నడపాలనుకుంటే అదీ ఇప్పుడే చెప్పండి, దానికి వేరే రేటు అడుగుతారు.

బీచ్‌రోడ్: స్క్రీన్‌షాట్ అడగాల్సిందే, కానీ ఆవిడ జవాబిచ్చాక. మొదటి మెసేజ్‌లోనే లెక్కలడిగితే పరీక్ష పెట్టినట్టుంటుంది.

లాసన్స్‌బే: డబ్బిచ్చేవాళ్లు అడగడంలో తప్పేముంది? నేనైతే మొదటే అడుగుతాను.

ఎంవీపీ_కేఫ్: 6,000 నుంచి 8,000 అని రాస్తే?

బీచ్‌రోడ్: పై అంకే పట్టుకుంటారు. ఒకటే రాయండి.

సీతమ్మధార: రాస్తే 6,000 రాయండి. పెంచడానికి చోటుంటుంది.